ర్యాంకు చెప్పాలా, వచ్చిందో రాలేదో చెప్పాలా: పిల్లల ప్రగతిని తల్లిదండ్రులకు ఎలా తెలపాలి

వరదల కాలం వచ్చిందంటే మన డెల్టాలో ఇంటింటా ఒక అంకె నలుగుతూ ఉంటుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో ఉన్నవారు సామాను ఎప్పుడు సర్దుకోవాలో, పశువులను ఎప్పుడు గట్టు మీదికి తోలుకోవాలో ఆ గీతలను బట్టే నిర్ణయించుకుంటారు. అదే సమయంలో అరుగు మీద కూర్చున్న పెద్దాయన "ఎనభయ్యారు వరదంత కాదులెండి" అంటాడు. ఆయన మాట్లాడేదీ ఆ నీటి గురించే, కాని ఆయన కొలుస్తున్నది గీతతో కాదు, మరో వరదతో. ఎనభయ్యారు కంటే తక్కువ అన్న మాట నిజమే కావచ్చు, అయినా మన గుమ్మంలోకి నీళ్లు వస్తాయా రావా అన్నది ఆ మాటతో తేలదు.

పరీక్ష మార్కును చదవడంలోనూ ఈ రెండు పద్ధతులే ఉన్నాయి. బీఎడ్ చదివిన రోజుల్లో మనం నార్మ్ రిఫరెన్స్‌డ్, క్రైటీరియన్ రిఫరెన్స్‌డ్ అని కంఠస్థం చేసినవి ఇవే. మొదటిది పిల్లవాణ్ని తోటి పిల్లలతో పోల్చి ఎక్కడ ఉన్నాడో చెబుతుంది. రెండోది ముందే రాసి పెట్టుకున్న నైపుణ్యంతో పోల్చి, వచ్చిందో రాలేదో చెబుతుంది. ఈ తేడాను 1963లో రాబర్ట్ గ్లేజర్ అనే అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఒక చిన్న వ్యాసంలో విడదీసి చూపించారు. వాడుక తేలికగా ఉండడానికి ఇక్కడి నుంచి మొదటిదాన్ని తోటివారితో పోలిక అనీ, రెండోదాన్ని ప్రమాణంతో పోలిక అనీ పిలుస్తాను.

ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే ఉపాధ్యాయులను దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను. ఉదాహరణగా 38 మంది ఉన్న ఏడో తరగతిని, భిన్నాల పాఠాన్ని, 20 మార్కుల స్లిప్ టెస్టును తీసుకుంటాను. ఇతర సబ్జెక్టుల వారు భిన్నాల స్థానంలో తమ పాఠాన్ని పెట్టుకోవచ్చు.

మొదటి మెట్టు: ప్రశ్నపత్రం రాయకముందే, తల్లిదండ్రులకు చెప్పబోయే వాక్యం రాసుకోండి

చాలామంది పరీక్ష పెట్టి, పేపర్లు దిద్ది, మార్కులు రిజిస్టరులోకి ఎక్కించిన తరువాత ప్రోగ్రెస్ కార్డులో ఏం రాయాలా అని ఆలోచిస్తారు. అప్పటికి ఆలస్యమైపోతుంది, ఎందుకంటే ఒక పేపరు ఏ పోలికకు పనికొస్తుందో ఆ పేపరు తయారైనప్పుడే తేలిపోతుంది. "మీ అమ్మాయి వేర్వేరు హారాలున్న భిన్నాలను కూడగలదు" అని చెప్పదలచుకుంటే ఆ పని చేయించే ప్రశ్నలు తగినన్ని ఉండాలి. "మీ అమ్మాయి తరగతిలో పై పదిమందిలో ఉంది" అని చెప్పదలచుకుంటే పిల్లలను బాగా విడదీసే ప్రశ్నలు కావాలి. ఈ రెండు అవసరాలు ప్రశ్నల ఎంపికలో ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. పిల్లలందరూ సరిగ్గా చేసే ప్రశ్న ర్యాంకులు తేల్చడానికి దండగ, దాన్ని తీసేస్తారు. ప్రమాణంతో పోలికలో మాత్రం ఆ ప్రశ్న ఉండి తీరాలి, ఎందుకంటే తరగతి మొత్తానికి ఆ పని వచ్చిందని చెప్పే సాక్ష్యం అదే. ర్యాంకుల కోసం రాసే పేపరులో సుమారు సగం మంది చేయగలిగి, సగం మంది చేయలేని ప్రశ్నలు ఎక్కువ ఉపయోగపడతాయి. అందుకే పోటీ పరీక్షల ప్రశ్నలను తెచ్చి తరగతి పరీక్షలో పెట్టి, ఆ మార్కులతో "పిల్లవాడికి పాఠం రాలేదు" అని ఇంటికి కబురు పంపడం పొరపాటు.

ఇక్కడే ఒక అపోహను తొలగించుకోవాలి. నూటికి ఇన్ని అని శాతం వేసినంత మాత్రాన అది ప్రమాణంతో పోలిక అయిపోదు. పాస్ మార్కు 35 ఒక గీతే, కాని ఆ గీత దగ్గర ఉన్న పిల్లవాడికి ఏమి వచ్చో, ఏమి రాదో ఎవరూ చెప్పలేరు. 11.75 అడుగులకు అర్థం ఉన్నది అది అంకె కాబట్టి కాదు, ఆ మట్టానికి ఏమి మునుగుతుందో ఏటి ఒడ్డువారికి తెలుసు కాబట్టి. గ్రేడ్ల సంగతీ ఇంతే. చాలా బడుల ప్రోగ్రెస్ కార్డుల్లో 91 గాని అంతకంటే ఎక్కువ గాని వస్తే ఏ1. సీబీఎస్‌ఈ పదో తరగతి బోర్డు పరీక్షలో అయితే ఉత్తీర్ణులైన వారిని సబ్జెక్టువారీగా మార్కుల వరుసలో పెట్టి, పై ఎనిమిదో వంతుకు ఏ1 ఇస్తారు. రెండు కార్డుల మీదా కనిపించేది ఏ1 అన్న అక్షరమే. రెండోది నికరంగా తోటివారితో పోలిక. మొదటిది, నిజం చెప్పాలంటే, ఏ పోలికా కాదు, ఏ పేపరులో 91 వచ్చిందో చెప్పనంత వరకు.

రెండో మెట్టు: పాఠాన్ని నాలుగైదు పనులుగా విడగొట్టి, ఒక్కోదానికి నాలుగేసి ప్రశ్నలు రాయండి

భిన్నాల పాఠానికి నేను ఐదు పనులు పెట్టుకుంటాను: సమాన భిన్నాలను గుర్తించడం, ఒకే హారం ఉన్నవాటిని కూడడం తీసివేయడం, వేర్వేరు హారాలు ఉన్నవాటిని కూడడం తీసివేయడం, గుణించడం, చివరగా పద సమస్యలు. ఒక్కోదానికి నాలుగు ప్రశ్నలు, ప్రశ్నకు ఒక మార్కు, మొత్తం 20. నాలుగు అన్నది శాస్త్రం కాదు, సర్దుబాటు. ఒక్క ప్రశ్నతో "వచ్చింది" అనడం సాహసం, పది పెడితే పీరియడు చాలదు.

జవాబు గుర్తించే ప్రశ్నలు పెట్టేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఒప్పు, తప్పు ప్రశ్నలు నాలుగు ఇచ్చి మూడు సరిగ్గా గుర్తిస్తే వచ్చినట్టే అని గీత పెడితే, ఏమీ తెలియకుండా బొమ్మా బొరుసూ వేసినట్టు గుర్తించిన పిల్లవాడు కూడా 16 సార్లలో 5 సార్లు ఆ గీత దాటతాడు, అంటే దాదాపు ముగ్గురిలో ఒకరు. నాలుగు ఐచ్ఛికాలున్న ప్రశ్నలైతే ఆ అవకాశం 20లో ఒకటికి పడిపోతుంది. చేతితో చేసి చూపే లెక్కలైతే ఈ గొడవే ఉండదు, పైగా తప్పు ఎక్కడ దొర్లిందో కాగితం మీదే కనిపిస్తుంది.

ప్రశ్న అడుగుతున్న పని నిజంగా ఆ పనేనా అన్నది మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. ఒకసారి నేను దిద్దిన పేపరులో ఒక అమ్మాయి 1/2 + 1/3 = 2/5 అని రాసింది. 2/3 + 1/4కు 3/7, 1/5 + 1/2కు 2/7 అని రాసింది. పై అంకెలు పైవాటితో, కింది అంకెలు కిందివాటితో కూడేసింది. కాని ఆ మూడింటి పక్కనే 1/2 + 1/4 = 3/4 అని తప్పులేకుండా రాసింది. పిలిచి అడిగితే, "అర, పావు కలిస్తే ముప్పావే కదండీ" అంది. కొట్టుకెళ్లి సరుకులు తెచ్చే పిల్ల, ఆ జవాబు ఆమెకు బడికి రాకముందే తెలుసు. అంటే నా నాలుగో ప్రశ్న హారాలు సమానం చేయడాన్ని పరీక్షించలేదు, ఇంటి వాడుకను పరీక్షించింది. అప్పటి నుంచి ఆ పని కింద అర, పావు, ముప్పావులతో తేలిపోయే లెక్క పెట్టడం మానేశాను.

మూడో మెట్టు: గీతను పేపర్లు దిద్దకముందే గీయండి

ఎన్ని సరిగ్గా చేస్తే వచ్చినట్టు? దీనికి ఆకాశం నుంచి ఊడిపడిన సమాధానం లేదు, అనుభవమున్నవారు కూర్చొని నిర్ణయించాల్సిందే. 1971లో విలియం ఆంగాఫ్ ప్రస్తావించిన, ఆయన పేరుతోనే నిలిచిన పద్ధతి బడి స్థాయిలో కూడా పనికొస్తుంది. ముందుగా గట్టు మీదున్న పిల్లవాణ్ని ఊహించుకోవాలి. వాడు తరగతిలో సగటు పిల్లవాడు కాదు. పని ఇప్పుడిప్పుడే పట్టుబడి, పై పాఠానికి పంపడానికి అంతంత మాత్రంగా సరిపోయేవాడు. అలాంటివారు పదిమంది ఉంటే ఈ ప్రశ్నను ఎంతమంది సరిగ్గా చేస్తారు అని ఒక్కో ప్రశ్నకూ వేసుకోవాలి.

వేర్వేరు హారాల కూడికకు నేను వేసుకున్నవి 8, 8, 7, 6. మొత్తం 29, పదితో భాగిస్తే 2.9. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో మరో గణితం మాస్టారికి అవే ప్రశ్నలు చూపించి, నా అంకెలు చెప్పకుండా ఆయన్ను వేయమంటే 7, 8, 6, 6 వేశారు, అంటే 2.7. ఇద్దరిదీ కలిపి సగటు 2.8. గీత మూడు దగ్గర పెట్టుకున్నాం. ఇద్దరి అంకెల మధ్య చాలా దూరం ఉంటే సగటు వేసి సరిపెట్టుకోకూడదు, ఆ ప్రశ్న గురించి మాట్లాడుకోవాలి. చాలాసార్లు ప్రశ్నలోని వాక్యమే ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమై ఉంటుంది.

గీత పెట్టిన తేదీని కాగితం మీద రాసుకోండి. ఇది ఆడంబరం కాదు. మార్కులు చూశాక గీతను జరిపితే, ఉదాహరణకు మూడు సరిచేసినవారు తొమ్మిదిమందే తేలారని రెండుకు దించేస్తే, అది ప్రమాణం ముసుగు వేసుకున్న తోటివారితో పోలిక అవుతుంది. ఏటా వచ్చినవాళ్లు సరిగ్గా 80 శాతం ఉంటున్న కార్డు ఏదైనా మీ చేతికొస్తే గీత ఎప్పుడు పెట్టారని అడగండి. పిల్లలు మారతారు, ఏడాదికో తీరుగా చదువుతారు. గీత కదలకుండా ఉంటే దాటినవారి సంఖ్య కదలాలి.

నాలుగో మెట్టు: దిద్దేటప్పుడు మొత్తం కంటే ముందు గళ్లు నింపండి

రిజిస్టరులో పిల్లల పేర్లు నిలువుగా, ఐదు పనులు అడ్డంగా గీసుకొని గళ్లలో నాలుగింటికి ఎన్ని అన్నది వేయండి. మొత్తం చివరన ఉంటే చాలు. ఎందుకో పై అమ్మాయి వరుసలోనే కనిపిస్తుంది. ఆమె గళ్లు 4, 4, 1, 4, 1, మొత్తం 14. ఆమె పక్క బెంచీ అబ్బాయివి 3, 3, 3, 3, 2, అతనిదీ 14. ఇద్దరికీ తరగతిలో తొమ్మిదో ర్యాంకు. అమ్మాయికి రెండు పనులు అసలు పట్టుబడలేదు, మూడు గట్టిగా వచ్చాయి. అబ్బాయికి నాలుగు వచ్చాయి గాని ఒక్కటీ నిలకడగా లేదు, అతని పేపరులో తప్పులన్నీ ఎక్కాల దగ్గర, అంకె మార్చి రాయడం దగ్గర ఉన్నాయి. ఈ ఇద్దరి ఇళ్లకూ "14/20, ర్యాంకు 9" అన్న ఒకే వాక్యం వెళితే, ఇద్దరి తల్లిదండ్రులూ ఒకే ట్యూషనుకు పంపుతారు. పంపడమూ చూశాను.

నిలువు గళ్లను కూడా కిందికి చూడండి. ఏదైనా పనిలో 38 మందిలో ముప్పైమంది గీత దాటకపోతే, అది తల్లిదండ్రులకు చెప్పాల్సిన విషయం కాదు, మనం మళ్లీ చెప్పాల్సిన పాఠం. ర్యాంకుల జాబితా ఈ సంగతి ఎన్నటికీ బయటపెట్టదు, ఎందుకంటే తరగతి మొత్తానికి ఏమీ రాకపోయినా ఒకరికి మొదటి ర్యాంకు వచ్చి తీరుతుంది.

గీతకు ఒక మార్కు ఇటు అటుగా ఉన్నవారి విషయంలో తొందరపడకండి. నాలుగింటిలో రెండు, నాలుగింటిలో మూడు, వీటి మధ్య తేడా ఒక్క అజాగ్రత్త పొరపాటు కావచ్చు. అలాంటివారికి మరునాడు అదే పనిమీద మూడు కొత్త లెక్కలు బోర్డు మీద ఇచ్చి చూసి, అప్పుడు రాయండి. ఐదు నిమిషాలు పడుతుంది.

ఐదో మెట్టు: తోటివారితో పోలిక కావాలంటే సరిగ్గా లెక్క కట్టండి, దాని హద్దు తెలుసుకోండి

ర్యాంకును పూర్తిగా తీసిపారేయమని నేను అనను. నవోదయ ప్రవేశమైనా, పాలిసెట్ అయినా, ఈఏపీసెట్ అయినా సీట్లు కొన్నే, రాసేవారు ఎందరో. అక్కడ అడిగే ప్రశ్నే "ఎవరికంటే ముందు" అన్నది. పిల్లవాణ్ని ఆ దారిలో పంపాలనుకునే తండ్రికి తోటివారితో పోలిక దాచిపెట్టడం అన్యాయం. కాని ఆ పోలికకు అర్థం రావాలంటే పోల్చే గుంపు ఆ పోటీ రాసేవారి గుంపులా ఉండాలి. మన ఏడో తరగతి సెక్షన్ ఆ గుంపు కాదు.

పర్సంటైల్ కట్టే పద్ధతి ఇది: పిల్లవాడికంటే తక్కువ మార్కులు వచ్చినవారి సంఖ్యకు, అతనితో సమానంగా వచ్చినవారిలో (అతనితో కలిపి) సగాన్ని కూడి, మొత్తం మందితో భాగించి, వందతో గుణించాలి. పోటీ పరీక్షలు దీన్ని కాస్త వేరుగా కడతాయి గాని, భావం ఒకటే. మన అమ్మాయికి మొదటి పరీక్షలో 27 మంది కంటే ఎక్కువ వచ్చాయి, ముగ్గురు సమానం. 27కు ఒకటిన్నర కలిపితే 28.5, దాన్ని 38తో భాగిస్తే 75. నాలుగు వారాల తరువాత అవే ఐదు పనుల మీద, కొత్త అంకెలతో మరో స్లిప్ టెస్టు పెట్టాను. ఆమె గళ్లు 4, 4, 3, 4, 1, మొత్తం 16. కాని ఈసారి ఆమెపైన 13 మంది ఉన్నారు, నలుగురు సమానం, కింద 21 మంది. 21కి రెండు కలిపి 38తో భాగిస్తే సుమారు 61. ర్యాంకు తొమ్మిది నుంచి పద్నాలుగుకు, పర్సంటైల్ 75 నుంచి 61కి దిగాయి.

అమ్మాయి వెనకబడిందా? వేర్వేరు హారాల కూడిక రాని పిల్లకు ఇప్పుడు వచ్చింది, ఉన్నవేవీ పోలేదు. మిగతా తరగతి కూడా అదే నాలుగు వారాల్లో కదిలింది, కొందరు ఆమెకంటే వేగంగా కదిలారు. ర్యాంకు చెప్పేది ఈ రెండో సంగతి మాత్రమే. పడవలో కూర్చొని పక్క పడవను చూస్తే, మనం ముందుకు పోతున్నా వెనక్కి పోతున్నట్టు అనిపిస్తుంది. గట్టు మీద చెట్టును చూస్తే గాని నిజం తెలియదు. అయితే ఒక షరతు ఉంది. రెండు పేపర్లూ ఒకే పనుల మీద, ఒకే మోతాదు కష్టంతో ఉంటేనే 14 నుంచి 16కు పెరిగిందన్న మాటకు విలువ. సమ్మేటివ్‌లో వేరే పాఠాలు వస్తాయి కాబట్టి, ఆ మార్కును ఈ స్లిప్ టెస్టు మార్కుతో పోల్చి పెరిగిందనో తగ్గిందనో చెప్పకూడదు.

మరో హద్దు చిన్నదే అయినా మరిచిపోతాం. 38 మంది ఉన్నచోట ఒక్క పిల్లవాడు అటు ఇటు జరిగితే పర్సంటైల్ రెండున్నరకు పైగా మారుతుంది. ఒక సెక్షన్‌కు పర్సంటైల్ కట్టి కార్డు మీద వేయడం వల్ల లేని కచ్చితత్వం ఉన్నట్టు కనిపిస్తుంది. నేను పై లెక్క కట్టింది పద్ధతి చూపించడానికే, కార్డు మీద అది వేయను. వేస్తే తల్లిదండ్రులు 61 పర్సంటైల్‌ను 61 మార్కులుగా చదువుకుంటారు. 80 శాతం తెచ్చుకున్న పిల్ల ఇంటికి 61 తీసుకెళితే ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఆరో మెట్టు: కార్డు మీద వాక్యం రాయండి, అంకె పక్కన ఉండనివ్వండి

కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక ప్రైవేటు బడిలో నేను కార్డుల మీద ఎర్ర సిరాతో ర్యాంకులు మాత్రమే వేసేవాణ్ని. ఒకసారి ఒక తండ్రి, కొబ్బరి దింపు పనికి వెళ్లే మనిషి, కార్డు తిరగేసి మరగేసి చూసి, "ఇరవైరెండు అంటే బాగున్నట్టాండీ, లేనట్టాండీ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. "ఇంకా చదవాలండీ" అన్నాను. ఏం చదవాలో నాకూ తెలియదు, గళ్లు లేవు కాబట్టి.

ఇప్పుడు రాసే పద్ధతి ఇది. ఒక్కో పని ఎదురుగా వచ్చింది, వస్తోంది, ఇంకా రాలేదు అన్న మూడు మాటల్లో ఒకటి, దాని పక్కన తేదీ. తేదీ ఎందుకంటే జూలైలో వచ్చిన పని సంక్రాంతి సెలవుల తరువాత ఉండకపోవచ్చు, వచ్చింది అన్నది శాశ్వత ధ్రువపత్రం కాదు. నాలుగింటిలో మూడు, నాలుగు చేసినవారికీ, రెండు చేసినా మరునాటి మూడు లెక్కలు తడబడకుండా చేసినవారికీ వచ్చింది. రెండు చేసి, మరునాటి మూడు లెక్కల్లోనూ తడబడినవారికి వస్తోంది. మిగతావారికి ఇంకా రాలేదు. ఆ కింద రెండు మూడు వాక్యాలు. మన అమ్మాయి కార్డు మీద రెండో పరీక్ష తరువాత నేను రాసింది ఇది:

"సమాన భిన్నాలు, ఒకే హారం కూడిక, గుణకారం వచ్చాయి. గత నెలలో రాని వేర్వేరు హారాల కూడిక ఈ నెలలో వచ్చింది. పద సమస్యలు ఇంకా రాలేదు. కూడడం, గుణించడం తెలుసు గాని, 'మిగిలిన దానిలో' అన్న మాటను వదిలేసి లెక్క చేస్తోంది. ఇంట్లో లెక్క మొదలుపెట్టే ముందు ప్రశ్నను పైకి చదివించి, సొంత మాటల్లో చెప్పించగలరు."

చివరి రెండు వాక్యాలు ఎక్కడి నుంచి వచ్చాయంటే, ఆమె పేపరు నుంచి. ప్రశ్న ఇది: 120 కొబ్బరికాయల్లో మూడో వంతు అమ్మారు, మిగిలిన దానిలో నాలుగో వంతు ఇంట్లో వాడారు, ఇంకా ఎన్ని ఉన్నాయి? మూడో వంతు 40, మిగిలినవి 80, అందులో నాలుగో వంతు 20, కాబట్టి జవాబు 60. ఆమె నాలుగో వంతును కూడా 120లోంచే తీసి 30 అని రాసి, 40, 30 కలిపి తీసేసి 50 తేల్చింది. భిన్నాల పని అంతా తప్పులేకుండా ఉంది. లోపం చదవడంలో ఉంది. "పద సమస్యలు 1/4" అని వేసి ఊరుకుంటే ఆ ఇంట్లో మళ్లీ భిన్నాల ఎక్కమే రుద్దుతారు.

ఏడో మెట్టు: సమావేశంలో ర్యాంకు అడుగుతారు, జవాబు సిద్ధంగా ఉంచుకోండి

అడుగుతారు, సందేహం లేదు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజున మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. అలాంటి రోజున ఒక్కో కుటుంబానికి దొరికేది కొద్ది నిమిషాలే, ఆ కొద్ది నిమిషాల్లో మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే. దాన్ని చిన్నబుచ్చకూడదు. మేనత్త పిల్లలూ, ఎదురింటి పిల్లలూ, ర్యాంకులున్న ఫ్లెక్సీలూ చూస్తున్న తల్లి ఇంకేం అడుగుతుంది? ఆ అమ్మాయి తల్లితో నా మాటలు ఇలా నడిచాయి.

"పోయిన నెల తొమ్మిదండీ, ఇప్పుడు పద్నాలుగంట. చదవడం లేదాండీ?"

"చదువుతోందమ్మా. ఇటు చూడండి, పోయిన నెల ఈ లెక్కలు నాలుగిస్తే ఒకటి చేసింది. ఇప్పుడు మూడు చేసింది." రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టాను. 2/5 అని రాసినది ఒకటి, హారాలు సమానం చేసి సరైన జవాబు రాసినది మరొకటి.

"మరి ర్యాంకెందుకు తగ్గిందండీ?"

"మిగతావాళ్లు కూడా నేర్చుకున్నారమ్మా. అందరికీ వస్తే మంచిదే కదా. మీ అమ్మాయి దగ్గర ఉన్నదేదీ పోలేదు."

"ఆయ్. అయితే ఈ ఆఖరిదొక్కటే రావాలాండీ?"

ఆ ఆఖరి ప్రశ్న వచ్చిందంటే సమావేశం పని అయినట్టే. గమనించండి, పేపర్లు ఎదుట లేకుండా ఈ మాటలే చెప్పి ఉంటే, మాస్టారు సర్దిచెబుతున్నాడని ఆమె అనుకునేది. కార్డు కంటే ముందు ఆ రెండు పేపర్లు తీసి ఉంచుకోండి. ర్యాంకు అడిగినప్పుడు దాచకండి, కాని అదొక్కటే చెప్పి ఆగకండి. మీరు చెప్పకపోయినా పిల్లలే చెబుతారు, పిల్లలు చెప్పినప్పుడు పక్కన పేపరు ఉండదు.

దీనికి రెండో వైపు కూడా ఒకటి ఉంది. ఐదు పనులూ వచ్చాయి అని చూసిన తండ్రి, "అన్నీ వచ్చాయి కదండీ, ఇక నవోదయ సీటు ఖాయమేనా?" అంటే, కాదని స్పష్టంగా చెప్పాలి. తరగతికి కావలసినవి వచ్చాయన్న మాటకు, పోటీలో నెగ్గుతాడన్న మాటకు మధ్య దూరం ఉంది. ఆ దూరం కొలవాలంటే ఆ పరీక్ష పాత పేపరును సమయం పెట్టి రాయించి, రాసే ఇతర పిల్లల మార్కుల పక్కన పెట్టి చూడాలి. మన గళ్ల కాగితం ఆ పని చేయదు. గీతలు మనం గీసుకున్నవే కదా, మరీ కిందికి గీసుకుంటే తరగతి మొత్తానికి అన్నీ వచ్చినట్టే కనిపిస్తుంది. అందుకే స్కూల్ కాంప్లెక్స్‌లో ఇంకొకరి చేత అంకెలు వేయించడం.

సమావేశం అయ్యాక గళ్ల కాగితాన్ని, గీత పెట్టిన తేదీ ఉన్న కాగితాన్ని కలిపి కుట్టి రిజిస్టరులోనే ఉంచండి. జూన్‌లో ఈ పిల్లలు ఎనిమిదిలోకి వెళతారు, అకరణీయ సంఖ్యల పాఠం మొదలవుతుంది. వాళ్లను తీసుకునే మాస్టారికి 38 ర్యాంకుల జాబితా ఇస్తే ఆయన మొదటి వారం చేసేదేమీ ఉండదు. మూడో గడిలో ఇంకా రాలేదు అని ఉన్న పేర్లు ఇస్తే, ఎవరిని ముందు బెంచీకి పిలవాలో మొదటి రోజే తెలుస్తుంది.